వంటల ఛానల్‌కి వచ్చే కామెంట్లు చూసుకోవడం ఎలా: తిట్లలో మునిగిపోకుండా మనవాళ్లని సంపాదించుకునే పద్ధతి

మా వదినది యూట్యూబ్‌లో వంటల ఛానల్, గోదావరి వైపు ఇంటి వంటలు. కెమెరా ముందు ఆవిడ ఉంటుంది, కామెంట్ల పని నాది. ఈమధ్య కొత్తగా ఛానల్ పెట్టినవాళ్లు "వీడియో చేయడం ఓకే గానీ ఆ కామెంట్లు చదివితే రెండ్రోజులు అన్నం సయించట్లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు" అని తెగ అడుగుతున్నారు, అందుకే మేం చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నా. యూట్యూబ్ స్టూడియోలో ఉన్న ఆప్షన్ల పేర్లు స్క్రీన్ మీద ఎలా కనిపిస్తాయో అలాగే ఇస్తున్నా, అప్‌డేట్ వచ్చినప్పుడు అవి ఉండే చోటు కాస్త అటూఇటూ మారొచ్చు, వెతుక్కోండి.

ఒక విషయం ముందే చెప్తా, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. మీ రిప్లై చదివేది కామెంట్ పెట్టిన ఒక్కడే కాదు, ఆ వీడియో కింద ఊరికే స్క్రోల్ చేసుకుంటూ పోయేవాళ్లందరూ చదువుతారు, వాళ్లలో ఎక్కువమంది జన్మలో ఒక్క కామెంట్ కూడా పెట్టరు. ఇక్కడ ఏదైనా అడిగితే సమాధానం వస్తుందా, లేక అందరూ మీదపడతారా అని వాళ్లు చూసేది మీ రిప్లైల్లోనే. కాబట్టి మీ ఓపిక ఎవరి మీద ఖర్చు పెట్టాలో ముందే లెక్కేసుకోవాలి.

మొదటి పని: మీరు చదవక్కర్లేనివి మీదాకా రాకుండా చూసుకోవడం

కంప్యూటర్‌లో స్టూడియో ఓపెన్ చేసి Settings లోకి వెళ్తే Community అనే మాటతో మొదలయ్యే ఒక భాగం ఉంటుంది. అందులో Blocked words అని ఒక డబ్బా ఉంటుంది, మీరు అక్కడ రాసిన మాటలున్న కామెంట్ వస్తే అది నేరుగా బయటికి కనిపించకుండా Held for review లోకి పోయి కూర్చుంటుంది. దాని పక్కనే Block links కూడా ఉంటుంది, అది టిక్ పెట్టేయండి, లింకులు, హ్యాష్‌ట్యాగులు ఉన్న కామెంట్లు కూడా అలాగే ఆగిపోతాయి.

ఇక్కడ అందరూ చేసేది ఏంటంటే ఇంటర్నెట్‌లో దొరికిన బూతుల లిస్టు ఒకటి తెచ్చి అందులో పడేయడం. అది మనకి సగమే పనికొస్తుంది, ఎందుకంటే మనవాళ్లు తెలుగు లిపిలో తిడతారు, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు తిడతారు, అదే మాటని ఒకడు రెండు "a"లు పెట్టి రాస్తే ఇంకోడు మూడు పెడతాడు. కాబట్టి లిస్టు మీ సొంత కామెంట్లలోంచే తయారవ్వాలి. ఒక నెలపాటు వచ్చిన చెత్త కామెంట్లు ముందేసుకుని ఏ మాట ఏ స్పెల్లింగ్‌తో వచ్చిందో అచ్చం అలాగే ఎక్కించండి.

ఇంకో చిక్కు వంటల ఛానళ్లకి ప్రత్యేకం. ఆడవాళ్ల ఛానల్ అనగానే ఒంటి గురించి మాట్లాడేవాళ్లు దిగుతారు కదా, అని "లావు" అనే మాటని బ్లాక్ చేశారనుకోండి, "లావు బియ్యంతో చేయొచ్చా అండీ", "లావు మిరపకాయలు ఎక్కడ దొరుకుతాయి" అని అడిగినవాళ్లందరూ ఆగిపోతారు. "నల్ల" బ్లాక్ చేస్తే నల్ల మినుములు పోతాయి. "aunty" బ్లాక్ చేద్దామంటే మీ మంచి ప్రేక్షకుల్లో సగం మంది ప్రేమగా పిలిచేదే అది. అందుకే ఒంటరి మాట కాకుండా మాటల జత ఎక్కించాలి, ఇలా:

```
లావుగా ఉన్నారు, lavuga unnaru, lavu ayyaru,
నెంబర్ ఇవ్వండి, number ivvu, number pettandi,
whatsapp, telegram, వాట్సాప్, టెలిగ్రామ్
```

చివర్లో వాట్సాప్, టెలిగ్రామ్ ఎందుకంటే, మీ ఛానల్ ఫోటో, పేరు పెట్టుకున్న దొంగ అకౌంట్లు మీ వీడియో కింద కామెంట్ పెట్టినవాళ్లకి "మీకు గిఫ్ట్ వచ్చింది, ఈ నెంబర్‌కి మెసేజ్ చేయండి" అని రిప్లై ఇస్తాయి, పాపం పెద్దవాళ్లు నిజంగా మీరే అనుకుని డబ్బులు పంపేస్తారు. తిట్లకంటే ఇదే పెద్ద నష్టం నన్నడిగితే, తిడితే మనకి బాధ, ఇక్కడ మనల్ని నమ్మినవాళ్ల జేబుకి చిల్లు.

లిస్టు సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడం తేలికే. వారానికోసారి Held for review తెరిచి చూడండి, అందులో ఆగినవాటిలో మంచి కామెంట్లు ఎక్కువ కనిపిస్తుంటే లిస్టు మరీ గట్టిగా ఉన్నట్టు, ఏ మాట వల్ల ఆగాయో చూసి తీసేయండి. అందులో పడినవి 60 రోజుల వరకే ఉంటాయి, ఆ లోపు చూడకపోతే మంచివి కూడా పోతాయి.

రెండో పని: కూర్చునే టైము

ఫోన్‌లో కామెంట్ల నోటిఫికేషన్లు ఆపేయండి. పూర్తిగా. నోటిఫికేషన్ మోగినప్పుడల్లా చూస్తే మీ రోజు ఎలా గడవాలో ఎవడో ఊరూపేరూ లేనివాడు నిర్ణయిస్తాడు.

మేం రోజుకి రెండుసార్లే చూస్తాం. వీడియో పెట్టిన రోజు మాత్రం పెట్టిన మొదటి గంట నేను అక్కడే ఉంటా, ఎందుకంటే పైపైన కనిపించే కామెంట్లు తర్వాత వచ్చేవాళ్లకి ఒక దారి చూపిస్తాయి, మొదట్లో నాలుగు మంచి ప్రశ్నలు, వాటికి నాలుగు సమాధానాలు కనిపిస్తే వెనకొచ్చేవాళ్లు కూడా వంట గురించే మాట్లాడతారు. మొదట్లోనే వెటకారం పైకెక్కి కూర్చుంటే ఇక అందరూ అదే పాట. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం రిప్లైలు రాయం, ఆ టైములో రాసిన రిప్లై పొద్దున చదివితే మనకే వంకరగా కనిపిస్తుంది.

కూర్చున్నాక పైనుంచి కిందకి చదువుకుంటూ పోకండి. స్టూడియోలో కామెంట్ల పేజీలో ఫిల్టర్ ఉంటుంది, దాంట్లో ఇంకా రిప్లై ఇవ్వనివి మాత్రమే చూపించమని పెట్టుకోవచ్చు. నేనైతే ఇంకోటి చేస్తా, సెర్చ్‌లో "ఎంత", "entha", "ela", "బదులు" అని కొట్టి ప్రశ్నలు ముందు బయటికి లాగుతా. ముందు వాటికి సమాధానాలు రాసేస్తే ఆ తర్వాత ఓపిక అయిపోయినా పర్లేదు, అసలు పని అయిపోయినట్టే.

మూడో పని: ఎవరికి ఏ రిప్లై

ప్రశ్న అడిగినవాళ్లకి పూర్తి సమాధానం ఇవ్వండి, "వీడియోలో చెప్పాను చూడండి" అని మాత్రం అనొద్దు, అది మర్యాదగా చెప్పినా విసుక్కున్నట్టే ఉంటుంది. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే తప్పు అడిగేవాళ్లది కాదు. ఉదాహరణకి వదిన "ఒక గ్లాసు పప్పు" అంటుంది, వెంటనే "గ్లాసు అంటే ఎంత అండీ" అని వరస కడతారు, కాఫీ గ్లాసా, స్టీలు గ్లాసా వాళ్లకేం తెలుసు. అలాంటప్పుడు ఒక్కొక్కరికి రాస్తూ కూర్చోకుండా డిస్క్రిప్షన్‌లో గ్రాముల్లో కొలత రాసేసి, అదే కొలతతో ఒక కామెంట్ పెట్టి పిన్ చేస్తా. ఒక వీడియోకి ఒక్క కామెంటే పిన్ అవుతుంది, కాబట్టి ఆ చోటుని థాంక్యూలకి వాడి వేస్ట్ చేయొద్దు.

తప్పు పట్టేవాళ్లు రెండు రకాలు, ఇద్దరినీ ఒకే గాట కట్టేస్తే చాలా నష్టపోతారు. "ఆవకాయలో కాయలు కడిగాక తడి ఆరబెట్టడం చూపించలేదు, కొత్తవాళ్లు తడితో కలిపేస్తే బూజు పట్టేస్తుంది" అని ఒకాయన రాశాడనుకోండి, మాట కాస్త కటువుగా ఉన్నా అది బంగారం లాంటి కామెంట్. "నిజమేనండీ, ముక్కలు గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాకే కలపాలి, డిస్క్రిప్షన్‌లో కూడా రాశాం" అని చెప్పి దాన్నే పిన్ చేయండి. అలా ఒకసారి పిన్ చేయించుకున్న మనిషి తర్వాత మీ తరఫున వేరేవాళ్ల డౌట్లు తీర్చడం మొదలుపెడతాడు, ఇది నేను చాలాసార్లు చూశా.

రెండో రకం "ఇదేం వంట, చెత్త" అని వదిలేసేవాళ్లు. ఇందులో సమాధానం చెప్పడానికి ఏమీ లేదు. తిట్టు కాదు కాబట్టి తీసేయక్కర్లేదు, రిప్లై ఇవ్వక్కర్లేదు, వదిలేయండి. అన్నీ పొగడ్తలే ఉన్న కామెంట్ల పేజీని ఎవరూ నమ్మరు కూడా.

ఎవరికైనా సరే రిప్లై ఇస్తే రెండు సార్లు, అంతకి మించి లేదు. మొదటిది విషయం చెప్పడానికి, రెండోది వాళ్లకి అర్థం కాకపోతే విడమర్చడానికి. మూడోది రాయాలనిపించిందంటే మీరప్పటికే వంట గురించి కాకుండా గెలవడం గురించి రాస్తున్నారని లెక్క.

ఒక గొడవ, మొదటి నుంచి చివరిదాకా

పప్పుపులుసు వీడియో సంగతి చెప్తా. కందిపప్పు, ఆనపకాయ ముక్కలు, ములక్కాడ, చింతపండు పులుసు, చివర్లో చిన్న బెల్లం ముక్క, మా వైపు మామూలే. వీడియో పెట్టిన సాయంత్రానికి "పులుసులో బెల్లమా, పాయసం చేస్తున్నావా" అని ఒక కామెంట్, దానికి బోలెడు లైకులు. దాని కింద ఇంకొకరు "మీ జిల్లావాళ్లకి అన్నిట్లో తీపే", దానికి మా జిల్లా ఆయన "మీకు కారం తప్ప రుచి తెలీదు", అక్కడి నుంచి ఆంధ్రా, తెలంగాణ, ఆ తర్వాత ఇంకా కిందకి, మీకు తెలిసిందే కదా ఆ బాట ఎటు పోతుందో.

ఇక్కడ మొదటి కామెంట్‌లో తప్పేం లేదు, వెటకారం అంతే, అది తిట్టు కాదు. అందుకే దాన్ని తీయలేదు. దానికి ఛానల్ పేరుతో "పాయసం అంత వెయ్యమండీ, నాలుగు గరిటెల పులుసుకి ఉసిరికాయంత బెల్లం, చింతపండు పులుపు కాస్త సర్దుకోవడానికి. వద్దనుకుంటే మానేయండి, పులుసు పల్చగా కలుపుకోండి చాలు" అని రాశాం. చూడండి, ఇందులో మా వైపు గొప్ప అనే మాట లేదు, బెల్లం ఎందుకు వేస్తామో, వేయకపోతే ఏం చేయాలో మాత్రమే ఉంది. గొడవకి వచ్చినవాడికి పట్టుకోవడానికి కొస దొరకలేదు, వంట నేర్చుకోడానికి వచ్చినవాళ్లకి పనికొచ్చే మాట దొరికింది.

తర్వాత మా కామెంట్ ఒకటి పిన్ చేశాం: "మీ ఇంట్లో పప్పుపులుసులో బెల్లం వేస్తారా? వేస్తే ఎంత, వేయకపోతే పులుపు ఎలా సర్దుతారు? మీ ఊరి పేరుతో రాయండి." ఎవరిది గొప్ప అని అడిగితే కొట్టుకుంటారు, నువ్వెలా చేస్తావు అని అడిగితే మాత్రం ఎవరి ఇంటి కథ వాళ్లు చెప్తారు. నల్గొండ నుంచి ఒకావిడ బెల్లం లేకుండా చింతపండు తగ్గించి టమాటా ఎలా వేస్తుందో పేరా మొత్తం రాసింది, అమెరికాలో ఉండే ఒకాయన చింతపండు పేస్టు వాడితే పులుపు ఎక్కువ అవుతోందని అడిగితే ఆవిడే జవాబు చెప్పింది. మేం కల్పించుకోలేదు, ఇద్దరికీ హార్ట్ పెట్టాం, హార్ట్ పెడితే వాళ్లకి నోటిఫికేషన్ వెళ్తుంది, రిప్లై రాసే టైము లేనప్పుడు అది చాలు.

మరి ఆ కింద కొట్టుకుంటున్నవాళ్లు? రాష్ట్రాల మీద జోకుల వరకు వదిలేశాం. కులం పేరు ఎత్తినవాళ్లని, ఎదుటి మనిషి తల్లిని ఎత్తినవాళ్లని Hide user from channel చేశాం. కామెంట్ ఒక్కటీ డిలీట్ చేస్తే అతను పది నిమిషాల్లో "నా కామెంట్ తీసేశారు, నిజం చెప్తే ఓర్వలేరు" అని ఇంకో నాలుగు పెడతాడు. హైడ్ చేస్తే అతనికి ఏ కబురూ వెళ్లదు, అతను రాస్తూనే ఉంటాడు, మిగతావాళ్లకి కనిపించదు. వాదన లేకుండా అయిపోద్ది.

అప్పటికీ ఆగకపోతే ఆఖరి అస్త్రం ఒకటి ఉంది, ఆ వీడియో వరకు కామెంట్లని Pause చేయొచ్చు, పాతవి అలాగే ఉంటాయి, కొత్తవి రావు. ఒక రాత్రి ఆపి పొద్దున తెరిస్తే సగం మంది వేరే గొడవకి వెళ్లిపోయి ఉంటారు. కామెంట్లు పూర్తిగా ఆఫ్ చేస్తే మాత్రం ఆ నల్గొండ ఆవిడ రాసింది కూడా కనిపించకుండా పోతుంది, అది చేయకండి.

కెమెరా ముందు ఉన్న మనిషి చెత్త చదవకూడదు

మా ఇంట్లో గట్టి రూలు ఇది. Held for review తెరిచేది నేనే, వదిన తెరవదు. ఆ మాటలు నా గురించి కాదు కాబట్టి నాకు అంతగా గుచ్చుకోవు, ఆవిడకి అదే మాట వారం రోజులు తిరుగుతుంది, తర్వాతి వీడియోలో చీర సర్దుకుంటూ కెమెరా వైపు చూడటం మానేస్తుంది. మీ ఇంట్లో తమ్ముడో, మరిదో, స్నేహితురాలో ఎవరో ఒకరికి ఈ పని అప్పజెప్పండి. ఎవరూ లేరు, ఒక్కరే అంటే, వారంలో ఒక పగటిపూట, పక్కన మనుషులు ఉన్నప్పుడు తెరిచి, ఒక్కొక్కటీ పూర్తిగా చదవకుండా పైపైన చూసి, తిట్టినవాళ్లని హైడ్ చేసుకుంటూ పోండి.

ఇంకోటి, తిట్టినవాళ్ల కామెంట్లు స్క్రీన్ మీద చూపించి సమాధానం చెప్పే వీడియోలు చేయకండి. వ్యూస్ వస్తాయి, కాదనను. కానీ తిడితే వీడియోలో కనిపిస్తామని వందమందికి నేర్పినట్టు అవుతుంది.

బెదిరింపులు, అసభ్యంగా రాయడం, ఇంటి అడ్రస్సో పిల్లల స్కూలు పేరో పెట్టడం లాంటివి వస్తే ఇవన్నీ వర్తించవు. కోపంలో ముందు డిలీట్ చేయొద్దు. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, అందులో పేరు, తేదీ కనిపించాలి. కామెంట్ పక్కన "2 గంటల క్రితం" అని ఉంటుంది కదా, దాని మీద నొక్కితే ఆ కామెంట్‌కి మాత్రమే ఉన్న లింక్ పైన అడ్రస్ బార్‌లో వస్తుంది, అందులో `lc=` అని కనిపిస్తుంది, అది కాపీ చేసుకోండి, అతని ఛానల్ లింక్ కూడా. ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టి హైడ్ చేయండి. ఫిర్యాదు cybercrime.gov.in లో పెట్టొచ్చు, ఆడవాళ్లకి, పిల్లలకి సంబంధించినవాటికి అక్కడ విడిగా విభాగం ఉంది. దొంగ అకౌంట్‌ని నమ్మి ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే మాత్రం ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయమనండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ముందుకి కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

రోజూ వచ్చేవాళ్లు

నెల తిరిగేసరికి మీకు కొన్ని పేర్లు గుర్తుపట్టేలా అవుతాయి. నేనొక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటా, ఎవరికి షుగర్ ఉంది, ఎవరు ఉల్లి వెల్లుల్లి లేకుండా అడుగుతారు, ఎవరు హాస్టల్లో ఇండక్షన్ స్టవ్ మీద వండుకుంటారు. మళ్లీ వాళ్లు కనిపించినప్పుడు "ఇది మీ ఇండక్షన్ మీద కూడా వస్తుందండీ, వేడి మీడియంలో పెట్టండి" అని ఒక్క ముక్క రాస్తే చాలు, వాళ్లు ఇక ఎక్కడికీ పోరు. వాళ్లని Approved users లో చేర్చండి, వాళ్ల కామెంట్లు ఫిల్టర్లలో ఇరుక్కోవు, "మా వాట్సాప్ గ్రూపులో పంపాను" అని రాసినా ఆగదు.

వాళ్లలో నిదానస్తులు ఒకరిద్దరిని మోడరేటర్లుగా పెట్టుకోవచ్చు. మాకు అమెరికాలో ఉండే ఒకావిడ చేస్తుంది, మనకి అర్ధరాత్రి అయినప్పుడు ఆవిడకి పగలు, సరిగ్గా చెత్త ఎక్కువ వచ్చే టైము అదే. పెట్టేముందు మాత్రం రెండు నెలలు గమనించండి, మిమ్మల్ని విమర్శించినవాళ్ల మీదకి యుద్ధానికి వెళ్లే అభిమానిని మోడరేటర్‌గా చేయొద్దు, మీ పేరు మీద వాళ్లు కొట్లాడతారు, మాట పడేది మీరు. అలాంటి అభిమానులకి కూడా "అండీ, వదిలేయండి, ఆయనకి నచ్చలేదు అంతే" అని అందరి ముందే చెప్పాలి, ప్రేమగానే, కానీ చెప్పాలి.

సీజన్ వీడియోలు

వంటల్లో ఇదొకటుంది, పాత వీడియోలు చావవు. ఎప్పుడో పెట్టిన అరిసెల వీడియోకి డిసెంబర్ చివర్లో మళ్లీ కామెంట్లు మొదలవుతాయి, సంక్రాంతి దాకా ఆగవు, అందులో ఎక్కువ "మీరు చెప్పినట్టే చేశా, నూనెలో విడిపోయాయి, పిండి అంతా వేస్ట్" అని కోపంగా వచ్చేవే. పండగ ముందు కిలో బియ్యం, బెల్లం పాడైన మనిషి కోపం అది, తిట్టు అనుకుని హైడ్ చేస్తే పాపం. విడిపోతే చాలావరకు పాకం లేతగా ఉండిపోయి ఉంటుంది, గట్టిగా రాయిలా వస్తే ముదిరిపోయి ఉంటుంది. కాబట్టి "పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టిందాండీ? పిండి తడిగా ఉన్నప్పుడే కలిపారా, ఆరిపోయిందా?" అని అడగండి. వాళ్ల జవాబుని బట్టి మిగిలిన పిండిని ఎలా సరిచేసుకోవాలో చెప్పండి, విడిపోతున్న పిండికైతే కాస్త పొడి బియ్యప్పిండి కలిపి ముందు ఒక్క అరిసె వేసి చూడమనండి.

అందుకే మేం డిసెంబర్ మూడో వారంలో ఒకరోజు కూర్చుని అరిసెలు, సకినాలు, బూరెల వీడియోలన్నిటికీ పిన్ చేసిన కామెంట్ మార్చేస్తాం, పోయినేడు ఎక్కువమంది ఎక్కడ దెబ్బతిన్నారో అదే మొదటి లైన్లో రాస్తాం. ఆవకాయకి అదే పని ఏప్రిల్ రాకముందే.